చెక్కు రిటర్న్ మెమో వచ్చింది, చెక్కు ఇచ్చిన నాకు ఎన్ని రోజులుంటాయి?

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరు మారతహళ్లిలో మాడ్యులర్ కిచెన్ పని చేయించే చిన్న షాపు నడుపుతున్నాను. ప్లైవుడ్ ఇచ్చే ఆయనకు 2026 జనవరి 10 తేదీతో 2,40,000 రూపాయల చెక్కు ఇచ్చాను. జనవరి 25న అందులో 40,000 యూపీఐలో పంపాను. అయినా ఆయన ఫిబ్రవరి 3న చెక్కు మొత్తానికీ వేశాడు, బౌన్స్ అయింది. ‘ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్’ అని ఉన్న బ్యాంకు మెమో ఫోటో వాట్సాప్‌లో పెట్టి, లాయర్ నోటీసు పంపుతానన్నాడు. మెమో వచ్చిందంటే కేసు పడినట్టేనా? పోలీసులు వస్తారా? నోటీసు తీసుకోకపోతే కేసు నిలవదని ఒకరు చెప్పారు, నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు:

నేను బ్యాంకులో ముప్పై ఏళ్లు పైగా పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ భాగం బెంగళూరు బ్రాంచీల్లోనే, చాలా ఏళ్లు క్లియరింగ్ సెక్షన్‌లో. ఇలాంటి మెమోల మీద నేను పెట్టిన సంతకాలకు లెక్కలేదు. సాక్షిగా కోర్టుకు కూడా వెళ్లాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు భయం తీరే మాట. మెమో వచ్చినంత మాత్రాన కేసు పడినట్టు కాదు, ఈ రోజుకు నేరం జరిగినట్టు కూడా కాదు. చెక్కు ఫలానా కారణంతో చెల్లకుండా తిరిగి వచ్చిందని బ్యాంకు రాసిచ్చే చీటీయే మెమో. దాన్ని బ్యాంకు మీకు ఇవ్వదు. మీ సరఫరాదారు ఏ బ్రాంచిలో చెక్కు వేశాడో ఆ బ్రాంచి ఆయనకిస్తుంది. మీకు వచ్చేది ఒక ఎస్సెమ్మెస్, ఖాతాలో కోసుకున్న రిటర్న్ చార్జీ, అంతే. ఆ మెమో మీద బ్యాంకు ముద్ర ఉంటే చెక్కు తిరిగి వచ్చిందనడానికి కోర్టు దాన్నే ఆధారంగా తీసుకుంటుంది. కాబట్టి ‘మెమో నిజమైనదేనా’ అన్న వాదన పెట్టుకుని సమయం పోగొట్టుకోకండి.

పోలీసుల సంగతి. చెక్కు బౌన్స్ కేసులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్, అంటే ఎన్‌ఐ యాక్ట్ సెక్షన్ 138 కింద డబ్బు రావాల్సిన మనిషి తనే మేజిస్ట్రేట్ కోర్టులో రాతపూర్వకంగా ఫిర్యాదు వేసుకోవాలి. మెమో చూసి పోలీసులు మిమ్మల్ని అరెస్టు చేయలేరు. పోలీసులు ఇంటికొచ్చే అవకాశమంటే, తర్వాత కోర్టు సమన్లు పంపినా మీరు హాజరు కాక వారెంటు పుట్టినప్పుడు. మీరు అంత దూరం వెళ్లనివ్వరని నా నమ్మకం.

మీ మెమోలో రాసిన కారణం ‘ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్’. 138 మొదట చెప్పే కారణం ఇదే. సంతకం తేడా వచ్చినా, ఖాతా మూసేసినా, స్టాప్ పేమెంట్ పెట్టినా ఈ సెక్షన్ నుంచి తప్పించుకోలేరని సుప్రీంకోర్టు వేర్వేరు కేసుల్లో చెప్పేసింది. ఎవరో చెప్పారని ఇప్పుడు వెళ్లి స్టాప్ పేమెంట్ పెట్టకండి. దాంతో లాభం లేదు, మీ ఉద్దేశం మీద అనుమానం మాత్రం పెరుగుతుంది.

ఇక రోజుల లెక్క. ఇక్కడ మూడు గడువులున్నాయి, మూడూ మూడు వేర్వేరు రోజుల నుంచి మొదలవుతాయి. రెండు ఆయన గడువులు, ఒకటే మీది. చాలామంది మూడింటినీ మెమో తేదీ నుంచే లెక్కేసి పొరపాటు పడతారు.

మొదటిది ఆయనది. చెక్కు తిరిగి వచ్చిందని బ్యాంకు నుంచి సమాచారం అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు ఆయన మీకు రాతపూర్వకంగా నోటీసు పంపి డబ్బు అడగాలి. ఆయన ఫిబ్రవరి 4న బ్రాంచికి వెళ్లి మెమో తీసుకున్నాడనుకుందాం. సమాచారం అందిన రోజును వదిలేసి మరుసటి రోజు నుంచి లెక్కపెట్టాలి. 5 నుంచి 28 వరకు 24 రోజులు, మార్చిలో ఇంకో ఆరు, అంటే ఆఖరి రోజు మార్చి 6. చట్టం అన్నది ‘సమాచారం అందిన రోజు’ అని, ‘మెమో కాగితం చేతికొచ్చిన రోజు’ అని కాదు. ఆయన బ్యాంకు 3వ తేదీ సాయంత్రమే ఎస్సెమ్మెస్ పంపి ఉంటే గడువు మార్చి 5కే ముగిసిందని వాదించొచ్చు. ఒక్క రోజు తేడా కూడా లెక్కకొస్తుంది, ఎందుకంటే ఈ 30 రోజులు దాటితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు లేదు.

అలాగని మార్చి 6 వరకు ఏ నోటీసూ రాకపోతే గండం గడిచిందనుకోకండి. చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలలు అది చెల్లుతుంది. అంటే ఏప్రిల్ 9, 10 తేదీల దాకా ఆయన అదే చెక్కును మళ్లీ వేయొచ్చు. మళ్లీ బౌన్స్ అయితే కొత్త మెమో, కొత్త 30 రోజులు. రెండోసారి బౌన్స్ అయినదాని మీద కూడా కేసు వేయొచ్చని సుప్రీంకోర్టు 2012లో ఎంఎస్ఆర్ లెదర్స్ కేసులో తేల్చింది. చెన్నై నుంచి వెళ్లిన కేసే అది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులు రోజంతా క్లియరింగ్‌కు వెళుతున్నాయి, పొద్దున వేసిన చెక్కు సంగతి ఆ సాయంత్రానికే తేలిపోతోంది. ‘చెక్కు వేశాడని తెలిశాక రేపు డబ్బు కడదాం’ అనుకునే వెసులుబాటు ఇప్పుడు లేదు. ఆ చెక్కు మీ చేతికి తిరిగొచ్చే వరకు ఖాతా మీద ఓ కన్ను ఉంచండి.

రెండో గడువు మీది. దాని మీదే మీ కేసంతా ఆధారపడి ఉంది. నోటీసు మీకు అందిన రోజు నుంచి 15 రోజులు. ఆ 15 రోజుల్లో చెక్కు మొత్తం చెల్లించేస్తే 138 కింద నేరమే ఏర్పడదు. చెక్కు బౌన్స్ అవడం, నోటీసు అందడం, 15 రోజులు గడిచినా డబ్బు కట్టకపోవడం, ఈ మూడూ పూర్తయ్యాకే అది నేరమవుతుంది. ఆయన ఫిబ్రవరి 23న నోటీసు పోస్టు చేశాడు, 25న మీకు అందిందనుకుందాం. 25ను వదిలేయండి. 26, 27, 28 మూడు రోజులు, మార్చిలో 12. కాబట్టి మార్చి 12 రాత్రి లోపు డబ్బు ఆయనకు చేరాలి. 12న మీరు పంపడం కాదు, 12కల్లా ఆయన ఖాతాలో ఉండాలి. అందుకే 12 దాకా ఆగొద్దు, 9కో 10కో పని ముగించండి. ఆర్టీజీఎస్ ఏదైనా కారణంతో వెనక్కి వస్తే మళ్లీ పంపడానికి ఒక రోజైనా ఉండాలి.

మూడోది మళ్లీ ఆయనది. మార్చి 12 దాటితే 13న ఆయనకు ఫిర్యాదు హక్కు పుడుతుంది. అక్కడి నుంచి ఒక నెల, మొదటి రోజు వదిలేస్తే ఏప్రిల్ 13 దాకా ఆయన కోర్టుకెళ్లొచ్చు. ఇక్కడ చట్టం అన్నది నెల, 30 రోజులు కాదు. పైగా ఈ గడువు దాటినా సరైన కారణం చూపిస్తే కోర్టు మన్నించగలదు. ఏప్రిల్ 14న ‘ఇక నన్నేమీ చేయలేడు’ అని ఊపిరి పీల్చుకోవద్దు. మీ ఖాతా హిందూపురం బ్రాంచిలో ఉన్నా కేసు అక్కడ పడదు. ఆయన ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ పరిధిలోని కోర్టులో, అంటే బెంగళూరులోనే వేస్తాడు. 2015లో చట్టం అలా మార్చారు.

‘నోటీసు తీసుకోకపోతే కేసు నిలవదు’ అన్న మాట గురించి. ఆ సలహా విని నష్టపోయినవాళ్లను ఎంతమందినో చూశాను. మా దగ్గరి బంధువు ఒకాయన పోస్ట్‌మన్‌ను చూసి లోపలికి వెళ్లి, ‘ఆయన ఊళ్లో లేడని చెప్పు’ అని పిల్లవాడితో చెప్పించాడు. మూడు రోజులు అలాగే చేశాడు. కవరు ‘అన్‌క్లెయిమ్డ్’ అన్న రాతతో వెనక్కి వెళ్లింది. ఆ కవరునే అవతలి లాయరు విప్పకుండా కోర్టులో పెట్టాడు. సరైన చిరునామాకు పోస్టు చేసిన నోటీసు అందినట్టే భావించాలన్నది చట్టం. నోటీసు అందలేదని నిరూపించాల్సిన బరువు మా బంధువు మీదే పడింది. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఆ పదిహేను రోజుల్లో ఆయన చేతిలో డబ్బుంది. నోటీసు తీసుకుని ఉంటే గడువు తెలిసేది, కట్టేసేవాడు. కవరు తిప్పి పంపి, తనకున్న ఒక్క గడువునూ తనే పోగొట్టుకున్నాడు. తర్వాత కోర్టు చుట్టూ ఏళ్లు తిరిగి, ఇంకా ఎక్కువ కట్టి రాజీ చేసుకున్నాడు.

మీరు షాపు మారబోతున్నా, ఇల్లు మారబోతున్నా ఇదే జాగ్రత్త. ఆయన బిల్లుల మీద ఉన్న మీ చిరునామాకే నోటీసు వస్తుంది. మీరు హిందూపురం వెళ్లిపోయాక అది మారతహళ్లి షాపు తలుపు దగ్గర నుంచి వెనక్కి తిరిగినా లెక్క మొదలైనట్టే కావచ్చు. కొత్త చిరునామా ఆయనకు వాట్సాప్‌లో రాసి పంపండి, పాత చిరునామాకు వచ్చే ఉత్తరాలను కొత్త చోటికి మళ్లించమని అక్కడి పోస్టాఫీసులో రాసివ్వండి. నిజంగానే నోటీసు ఎన్నడూ అందక, నేరుగా కోర్టు సమన్లే వచ్చాయనుకోండి. అప్పుడూ ఒక దారుంది. సమన్లు, ఫిర్యాదు కాపీ అందిన 15 రోజుల్లో చెక్కు మొత్తం కట్టేసి, ఫిర్యాదు కొట్టేయమని కోర్టును అడగొచ్చని 2007లో సుప్రీంకోర్టు సీసీ అలవి హాజీ కేసులో చెప్పింది. ఆ 15 రోజుల్లో కట్టనివాడు ‘నాకు నోటీసే రాలేదు’ అని తర్వాత వాదించలేడని కూడా అదే తీర్పు చెప్పింది.

ఇప్పుడు ఆయన పెట్టిన మెమో ఫోటో నోటీసు కాదు. నోటీసులో చెక్కు వివరాలు, ఆ మొత్తం కట్టమన్న డిమాండు ఉండాలి. కానీ ఆ నోటీసు లాయరే రాయాలని చట్టంలో లేదు. వాట్సాప్‌లో పంపినా చెల్లుతుందని అలహాబాద్ హైకోర్టు 2024లో అంది. కాబట్టి డబ్బు కట్టమంటూ వివరంగా ఏదైనా వచ్చిన రోజు నుంచే మీ 15 రోజులు మొదలయ్యాయని పట్టుకోండి, తర్వాత పోస్టులో వచ్చేదాని కోసం చూడకండి.

మీ విషయంలో అసలు మెలిక ఆ 40,000. మీ ప్రశ్నలో మీరు దాన్ని మామూలుగా రాసేశారు గానీ, నేను రెండుసార్లు చదివింది ఆ వాక్యాన్నే.

చెక్కు ఇచ్చాక, బ్యాంకులో వేయకముందు మీరు కొంత బాకీ తీర్చారు. అంటే ఫిబ్రవరి 3న మీరు నిజంగా బాకీ ఉన్నది 2,00,000. ఆయన వేసింది 2,40,000కు. ఇలాంటి పరిస్థితి మీద 2022లో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మధ్యలో కొంత డబ్బు ముట్టితే ఆ సంగతి చెక్కు మీద రాసి, మిగిలినదానికే వేయాలి. అలా రాయకుండా మొత్తానికి వేసిన చెక్కు, వేసిన రోజున ఉన్న బాకీకి సరిపోదు కాబట్టి 138 వర్తించదు. ఈ తీర్పు మీకు అనుకూలమైనదే.

కానీ దాని మీదే నమ్మకం పెట్టుకుని కూర్చోవద్దని చెబుతాను, కారణం ఇది. ఆ 40,000 ఈ చెక్కు తాలూకు బాకీలోకే వెళ్లిందని మీరు చూపించాలి. యూపీఐ పంపినప్పుడు కింద నోటు ఏమైనా రాశారా? ‘చెక్కు 2,40,000లో 40,000’ అనో, బిల్లు నంబరో రాసి ఉంటే మంచిదే. ఏమీ రాయకపోతే ఆయన ‘అది పాత బిల్లు కింద జమ చేసుకున్నాను’ అంటాడు. కాంట్రాక్టు చట్టం 59, 60 సెక్షన్ల ప్రకారం బాకీ ఉన్నవాడు ఏ బాకీ కింద కడుతున్నాడో చెప్పి కడితే దానికే జమ చేసుకోవాలి. చెప్పకుండా కడితే, చట్టబద్ధంగా రావాల్సిన ఏ బాకీ కిందైనా జమ చేసుకునే వీలు డబ్బు తీసుకున్నవాడికుంది. కాబట్టి ఈరోజే మీ కొనుగోళ్ల చిట్టా తీసి చూడండి. ఆయనకు ఈ చెక్కు బాకీ తప్ప ఇంకే పాత బిల్లూ లేదా? లేకపోతే మీరు గట్టి నేల మీద ఉన్నారు. ఏ 45,000 బిల్లో నవంబరు నుంచి నిలిచి ఉంటే మీ వాదన బలహీనం.

పాత బాకీ ఏదీ లేకపోతే మీరు కట్టాల్సింది 2,00,000. నోటీసు కోసం కూడా ఆగక్కర్లేదు, చేతిలో ఉంటే ఇప్పుడే కట్టేయండి. పాత బిల్లు ఉంటే మాత్రం 40,000 కోసం క్రిమినల్ కేసు నెత్తికెత్తుకోకండి. నోటీసు అందిన 15 రోజుల్లో 2,40,000 మొత్తం ‘ఫలానా నంబరు చెక్కు కింద’ అని రాసి కట్టి, తేడా ఉంటే తర్వాత ఖాతాలు చూసుకోండి. కొంత కట్టి మిగిలింది వచ్చే నెలకు అంటే 138 దగ్గర అది చెల్లింపు కిందికి రాదు. ఆయన నోటిమాటగా సరేనన్నా, రాసివ్వకపోతే 15 రోజులు మామూలుగానే గడుస్తాయి.

నోటీసులో చెక్కు మొత్తంతో పాటు 18 శాతమో 24 శాతమో వడ్డీ, లాయరు ఫీజు, ‘మానసిక క్షోభకు’ ఇంత అని కలిపి రాయడం మామూలు. మొత్తం కలిపితే మూడు లక్షలు దాటి కనిపించి గుండె జారిపోతుంది. 138 నుంచి బయటపడటానికి 15 రోజుల్లో కట్టాల్సింది చెక్కు మొత్తమే. వడ్డీ, ఖర్చులు ఆయనకు నిజంగా రావాలంటే అది సివిల్ కోర్టులో తేల్చుకునే విషయం. చెక్కు మొత్తం నోటీసులో విడిగా రాసి ఉందో లేదో కూడా చూడండి. అది తప్పుగా ఉంటే నోటీసే చెల్లకపోవచ్చు, ఆ కాగితం లాయరుకు చూపించండి.

చెల్లించేటప్పుడు ఇంకో చెక్కు ఇవ్వకండి. నగదు అసలే వద్దు. ఆయన బిల్లు మీద అచ్చు వేసిన ఖాతాకే నెఫ్ట్ గానీ ఆర్టీజీఎస్ గానీ చేయండి, రిమార్క్స్ గడిలో చెక్కు నంబరు రాయండి. వెంటనే ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరుతో వాట్సాప్, ఈమెయిల్ రెండూ పంపండి. నోటీసు వచ్చి ఉంటే ఆయన లాయరుకు స్పీడ్ పోస్టులో ఒక పేజీ జవాబు కూడా పంపండి. అందులో మూడే విషయాలు చాలు: జనవరి 25న ఇంత, ఫలానా రోజున ఇంత చెల్లించాను, చెక్కు తిరిగి ఇవ్వండి. జవాబులో కోపంగా ఒక్క మాటా వద్దు, ‘చెక్కు సెక్యూరిటీకి ఇచ్చాను’ లాంటి కొత్త కథలూ వద్దు. మీ సంతకం ఉన్న చెక్కు బాకీ కోసమే ఇచ్చిందని కోర్టు మొదట అనుకుంటుంది, కాదని చూపించాల్సింది మీరే. ఈరోజు రాసిన ప్రతి మాటనూ రేపు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ ముందు పెడతారు.

ఎలా చూసినా డబ్బు సమకూరదనుకుంటే, 15 రోజులు పూర్తి కాకముందే ఆయనతో కూర్చుని వాయిదాల మీద రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. మొదటి వాయిదా ముట్టగానే పాత చెక్కు వెనక్కి ఇవ్వాలన్న షరతు అందులో ఉండాలి. చెక్కు ఆయన దగ్గరే ఉండిపోతే ఆ ఒప్పందంతో మీకు రక్షణ ఉండదు. 15 రోజులు దాటాక కడితే నేరం చెరిగిపోదు గానీ, ఇది రాజీకి వీలున్న నేరం కాబట్టి ఏ దశలోనైనా రాజీ పడొచ్చు. మాటవరసకు తెలిసి ఉండాలి కాబట్టి చెబుతున్నాను: కేసు నడిచి నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. నేను నేరం చేయలేదని మీరు అన్న తర్వాత కేసు తేలకముందే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారంగా కట్టమని కూడా మేజిస్ట్రేటు ఆదేశించొచ్చు. మీ చెక్కుకు అది 48,000 దాకా వస్తుంది.

ముందు జనవరి 25 నాటి యూపీఐ స్క్రీన్‌షాట్, ఆయన బిల్లులన్నీ, జనవరి నుంచి మీ ఇద్దరి వాట్సాప్ మాటలు ఒకచోట పెట్టుకోండి. 40,000 ముట్టిందని ఆయన ఎక్కడైనా ‘సరే’ అని జవాబిచ్చాడేమో వెతకండి. ఉంటే ఇక్కడ రాయండి, నోటీసుకు జవాబు ఎలా ఉండాలో దాన్ని బట్టి చెబుతాను.